వీడియో పాఠాల కూర్పులో జంప్ కట్లు, విరామాలు: వీక్షక నిలకడను పరీక్షించే పద్ధతి – ధవళేశ్వరం ఆనకట్ట పాఠం నమూనాగా

వ్యాససంగ్రహం: వీడియో పాఠంలో విరామాలను కత్తిరించి, జంప్ కట్లతో కూర్పును బిగిస్తే వీక్షకులు ఎక్కువసేపు నిలుస్తారన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. నిమిషానికి ఎన్ని జంప్ కట్లు, ఎన్ని విరామాలు ఉన్నాయో లెక్కించి దీనిని పరీక్షించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది. తెలుగు ఉచ్చారణ, వాక్యనిర్మాణాల వల్ల లెక్కింపులో వచ్చే పొరపాట్లను చూపుతుంది. బిగింపు వల్ల పాఠం పొట్టిదవడం ఒకటి, పాఠం ఆకర్షణీయం కావడం మరొకటి. నిలకడ శాతం ఈ రెండింటినీ కలిపి చూపుతుంది కనుక వాటిని విడదీసే ప్రయోగరచనను ధవళేశ్వరం ఆనకట్ట గురించిన ఒక నమూనా పాఠం ద్వారా ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కూర్పు, జంప్ కట్, విరామం, వీక్షక నిలకడ, ధారణ, ధవళేశ్వరం.

1. ఉపోద్ఘాతం

తరగతి గదిలో అధ్యాపకుడు ఒక వాక్యం ముగించి, విద్యార్థుల ముఖాలు చూసి, తరువాతి వాక్యం మొదలుపెడతాడు. ఆ నడిమి క్షణం ఎవరికీ వెలితిగా తోచదు. అదే పాఠం వీడియోగా మారినప్పుడు ఆ క్షణం కూర్పరి తెరమీద చదునైన గీతగా కనిపిస్తుంది. చదునైన గీత అంటే వృథా కాలమని, దానిని కోసివేయాలని కూర్పరికి అనిపిస్తుంది. ఈనాడు కొన్ని ఉపకరణాలు ఒక్క మీట నొక్కితే పాఠమంతటిలోని విరామాలను తొలగించి, మిగిలిన ముక్కలను అతికించి ఇస్తున్నాయి. ఫలితంగా తెరమీద మనిషి తల ప్రతి నాలుగైదు సెకన్లకు ఉలిక్కిపడినట్టు కదులుతుంది.

ఇలా చేయడం వల్ల విద్యార్థి నిజంగా ఎక్కువసేపు నిలుస్తున్నాడా? ఈ ప్రశ్నకు అభిరుచితో కాక లెక్కతో సమాధానం చెప్పవచ్చు. అయితే ఏది లెక్కించాలి, దేనితో భాగించాలి అన్న విషయాల్లో తప్పు జరిగితే లెక్క కూడా అభిరుచి చెప్పిన సమాధానాన్నే తిరిగి చెబుతుంది. ఈ వ్యాసం ఆ రెండు విషయాలకే పరిమితం.

2. పరిభాష

తెలుగు సినిమా పేర్ల పట్టికల్లో ఎడిటింగుకు వాడే ‘కూర్పు’ అన్న మాటనే ఈ వ్యాసంలో వాడడం జరిగింది. కెమెరా కోణం, దూరం మారకుండా, చిత్రీకరణలోని కొంత కాలాన్ని మాత్రం తొలగించి రెండు కొసలను అతికిస్తే అది జంప్ కట్. గొడార్ తీసిన ‘బ్రెత్‌లెస్’ (1960) ఈ ప్రక్రియకు ప్రసిద్ధి తెచ్చింది. అక్కడ అది ప్రేక్షకుడిని ఉద్దేశపూర్వకంగా కుదిపింది. వీడియో పాఠంలో అది కేవలం కాలం ఆదా చేసే పని.

నిశ్శబ్దం, విరామం ఒకటి కావు. శబ్దస్థాయి ఒక హద్దు కంటే తగ్గిన కాలం నిశ్శబ్దం. దీనిని యంత్రం గుర్తిస్తుంది. మాట్లాడే వ్యక్తి మాట ఆపిన చోటు విరామం. దీనిని వినేవాడు గుర్తిస్తాడు. ఈ రెండూ చాలాచోట్ల కలుస్తాయి, కొన్నిచోట్ల కలవవు. కలవని చోట్లే లెక్క తప్పుతుంది.

మూడవది నిలకడ. పాఠం తెరచిన వారిలో ఒక నిర్ణీత స్థానం వరకు ఎందరు ఉన్నారన్నది వీక్షక నిలకడ. విన్నది ఎంత గుర్తుందన్నది ధారణ. ఇంగ్లీషులో రెండింటికీ ‘రిటెన్షన్’ అన్న ఒకే మాట చెల్లుతుంది. అందువల్ల మొదటిదాని గురించిన ఫలితాన్ని రెండవదానికి అన్వయించే పొరపాటు తరచు జరుగుతుంది.

3. పూర్వ పరిశోధనల నుంచి గ్రహించదగినది

ఈ చర్చలో తరచు ప్రస్తావనకు వచ్చేది ఫిలిప్ గువో, జుహో కిమ్, రాబ్ రూబిన్ 2014లో ప్రచురించిన అధ్యయనం. ఎడెక్స్ వేదికమీది నాలుగు కోర్సుల్లోని 862 వీడియోలను, సుమారు 69 లక్షల వీక్షణలను వారు పరిశీలించారు. చిన్న వీడియోలను విద్యార్థులు ఎక్కువ భాగం చూశారని, వేగంగా మాట్లాడే అధ్యాపకుల వీడియోలపై ఎక్కువసేపు నిలిచారని వారు గమనించారు. దీనిని ఆధారం చేసుకుని విరామాలు కోయడమే మేలని వాదించవచ్చు. కాని ఇక్కడ పోల్చినవి వేరువేరు అధ్యాపకుల, వేరువేరు విషయాల వీడియోలు. వేగంగా మాట్లాడేవారు ఉత్సాహంగా కూడా మాట్లాడి ఉండవచ్చు. నెమ్మదిగా మాట్లాడినవారి పాఠాన్ని కత్తెరతో వేగవంతం చేస్తే అదే ఫలితం వస్తుందని ఆ అధ్యయనం నుంచి నిర్ధారించలేము.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అక్కడ వేగాన్ని నిమిషానికి ఎన్ని మాటలన్న లెక్కతో కొలిచారు. ‘నిర్మించవలసివచ్చింది’ అన్నది తెలుగులో ఒక మాట. ఇంగ్లీషులో అదే భావానికి నాలుగైదు మాటలు కావాలి. కాబట్టి ఇంగ్లీషు పాఠాలకు చెప్పిన మాటల సంఖ్యను తెలుగు పాఠానికి కొలబద్దగా పెట్టుకోకూడదు. తెలుగులో నిమిషానికి అక్షరాలను లెక్కించడం మేలు.

ఆనీ లాంగ్, సహపరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం మరొక అంశాన్ని చూపింది. ఒకే సన్నివేశంలో కెమెరా మార్పులు పెరిగేకొద్దీ టెలివిజన్ వీక్షకుల ఉద్వేగస్థాయి, జ్ఞాపకం రెండూ పెరిగాయని వారు తేల్చారు. అయితే వారు పరిశీలించినది ఒక కెమెరా నుంచి మరొక కెమెరాకు మారడం. అందులో మాట తెగదు, కాలం పోదు. జంప్ కట్‌లో కోణం మారదు, కాలం పోతుంది. రెండింటినీ ‘కట్లు’ అన్న ఒకే గంపలో వేసి లెక్కిస్తే ఒకదాని గుణం మరొకదానికి అంటగట్టినట్టే.

4. నమూనా పాఠం

పద్ధతిని విశదపరచడానికి పది నిమిషాల ఒక పాఠాన్ని ఊహించుకోవచ్చు. ధవళేశ్వరం వద్ద బ్యారేజీ నేపథ్యంగా ఒక అధ్యాపకుడు నిలబడి చెప్పిన ఈ పాఠంలో వంద సెకన్ల చొప్పున ఆరు భాగాలు ఉన్నాయనుకోవాలి. గోదావరి డెల్టాలోకి ప్రవేశించే తీరు మొదటి భాగం. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట రెండవది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు పాయల అమరిక మూడవది. పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన బ్యారేజీ, ఆ నాలుగు పాయలలో వరుసగా 70, 43, 23, 39 చొప్పున దానికున్న 175 గేట్లు నాలుగవది. వరద హెచ్చరికలు ఐదవది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టా కాలువలు ఆరవది.

పాఠం మొత్తంలో అర సెకనుకు మించిన విరామాలు 120 ఉన్నాయని, ప్రతిదానినుంచి సగటున ఒక సెకను తొలగించవచ్చని అనుకుంటే, నిమిషానికి 12 విరామాలున్న 600 సెకన్ల పాఠం 480 సెకన్ల పాఠమవుతుంది. అందులో 120 జంప్ కట్లు ఉంటాయి. అంటే నిమిషానికి 15. ఈ అంకెలు లెక్కను చూపడానికి ఎంచుకున్నవే తప్ప సేకరించిన దత్తాంశం కాదు. ఇక్కడే ఒక విషయం గమనార్హం. తొలగించిన విరామాలు, ఏర్పడిన కట్లు రెండూ 120యే అయినా నిమిషానికి రేటు 12 నుంచి 15 అయింది. కత్తెర లవాన్ని మార్చలేదు, హారాన్ని మార్చింది. ‘నిమిషం’ అన్నది కూర్పుతో పాటు కుంచించుకుపోయే కొలబద్ద. అందుచేత రెండు రూపాలను పోల్చేటప్పుడు నిమిషానికి ఎన్ని అన్న లెక్కతో పాటు నూరు వాక్యాలకు ఎన్ని అన్న లెక్క కూడా ఇవ్వాలి. వాక్యాల సంఖ్య కత్తెరకు లొంగదు.

5. విరామాల లెక్కింపు

విరామాలను గుర్తించడానికి ఉచితంగా లభించే ffmpeg ఉపకరణంలో `silencedetect` అనే వడపోత ఉంది. దానిని ఈ విధంగా నడపవచ్చు:

```
ffmpeg -i patham.mp4 -af silencedetect=noise=-30dB:d=0.5 -f null -
```

ఇందులో `noise` శబ్దస్థాయి హద్దు. `d` కనీస వ్యవధి, సెకన్లలో. ప్రతి నిశ్శబ్దం మొదలైన కాలం, ముగిసిన కాలం, వ్యవధి వరుసగా తెరమీద వస్తాయి. ఈ రెండు విలువలనూ ఇవ్వకుండా నడిపితే ఉపకరణం తనంతట తాను −60 డెసిబెల్ హద్దును, రెండు సెకన్ల వ్యవధిని తీసుకుంటుంది. ఆ విలువలతో మామూలు పాఠంలో దాదాపు ఏ విరామమూ దొరకదు.

బ్యారేజీ వద్ద మరొక ఇబ్బంది ఎదురవుతుంది. గేట్లనుంచి దూకే నీటి హోరు, గాలి, వంతెనమీది వాహనాల రొద ఎప్పుడూ ఉంటాయి. అధ్యాపకుడు మాట ఆపినా శబ్దం ఆగదు. అప్పుడు −30 డెసిబెల్ హద్దుతో లెక్కిస్తే నిమిషానికి సున్నా విరామాలున్న పాఠంగా నమోదు కావచ్చు. అదే అధ్యాపకుడు అదే పాఠాన్ని గదిలో చెబితే నిమిషానికి పన్నెండు రావచ్చు. ఆ తేడా మాటలోది కాదు, చోటుది. కాబట్టి మాట లేని పది సెకన్ల భాగాన్ని ముందుగా కొలిచి, ఆ నేపథ్యస్థాయికి కొన్ని డెసిబెల్‌లు పైన హద్దు పెట్టాలి. ప్రతి వీడియోకు ఈ పని విడిగా చేయాలి. నేపథ్యసంగీతం కలిపిన వీడియోలో ఈ ఉపాయం కూడా పనిచేయదు. అక్కడ సంగీతం కలపని మూలధ్వనిని సంపాదించాలి, లేదా చెవితో లెక్కించాలి.

హద్దును మరీ పైకి జరిపితే తెలుగులో వెంటనే మరొక నష్టం వస్తుంది. తెలుగు వాక్యం సాధారణంగా క్రియతో, క్రియ అచ్చుతో ముగుస్తుంది. వాక్యాంతంలో స్వరం తగ్గి, చివరి అచ్చు బలహీనపడుతుంది. ‘కట్టారు’, ‘ఆపలేదు’ వంటి రూపాల్లో చివరి ఉకారం నేపథ్యశబ్దంలో కలిసిపోతే యంత్రం దానిని నిశ్శబ్దంగా లెక్కిస్తుంది. దానంతటదే కత్తిరించే ఉపకరణమైతే ఆ అచ్చును కోసివేస్తుంది. విరామం ఎక్కడ మొదలైందని యంత్రం చెప్పిందో ఆ స్థానాలను పదింటిని యాదృచ్ఛికంగా ఎంచుకుని వింటే ఈ దోషం బయటపడుతుంది.

కనీస వ్యవధి విషయంలో తెలుగు ద్విత్వాలను గుర్తుంచుకోవాలి. క, చ, ట, త, ప అనే పరుషాలను పలికేటప్పుడు గాలి పూర్తిగా నిరోధానికి లోనయ్యే దశ ఒకటి ఉంటుంది. ఆ దశలో నాదం ఉండదు కనుక యంత్రానికి అది నిశ్శబ్దమే. ద్విత్వంలో ఆ నిరోధం మరింత దీర్ఘమవుతుంది. ‘పతి’, ‘పత్తి’ అన్న మాటల తేడా ప్రధానంగా ఆ మూగదశ నిడివిలోనే ఉంది. ‘ఆనకట్ట’లోని ట్టకారమూ అంతే. కనీస వ్యవధిని సెకనులో పదో వంతుకు తగ్గించి దానంతటదే కత్తిరించే ఉపకరణానికి అప్పగిస్తే అది విరామాలతో పాటు ద్విత్వాలను కూడా కొరుకుతుంది. ప్రసంగ విరామాలమీద పరిశోధించిన ఫ్రీడా గోల్డ్‌మన్-ఐస్లర్ పావు సెకనుకు తక్కువైన ఖాళీలను విరామాలుగా లెక్కించకపోవడానికి కారణం ఉచ్చారణలో భాగమైన ఇటువంటి నిరోధాలే. తెలుగు పాఠాలకు అర సెకను హద్దు సురక్షితం.

దొరికిన విరామాలన్నీ ఒక జాతివి కావు. ‘అంటే… మరి…’ అని మాట కోసం వెతుక్కునే తడబాటు ఒకటి. వాక్యం ముగిశాక వచ్చే విరామం ఇంకొకటి. ఒక అంకెకు ముందుగాని, తరువాతగాని ఇచ్చే వ్యవధి మరొకటి. తెలుగులో వాక్యార్థం క్రియ వద్ద గాని ముడిపడదు. అందువల్ల క్రియ తరువాతి విరామం శ్రోతకు అర్థాన్ని పోగుచేసుకునే సమయం. కాబట్టి పట్టికలో ప్రతి విరామం పక్కన అది వాక్యమధ్యంలోదా, వాక్యాంతంలోదా, అంకె పక్కదా అని గుర్తు వేయాలి. నిమిషానికి పన్నెండు అన్న ఒక్క సంఖ్య ఈ తేడాను మరుగుపరుస్తుంది.

6. జంప్ కట్ల లెక్కింపు

దృశ్యమార్పులను గుర్తించే ఉపకరణాలు పక్కపక్క చట్రాల మధ్య తేడాను కొలిచి, అది ఒక హద్దు దాటితే కట్‌గా నమోదు చేస్తాయి. సినిమాలో గది నుంచి వీధికి మారితే తేడా పెద్దది కనుక ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. జంప్ కట్‌లో మాత్రం నేపథ్యం అదే, మనిషి అతడే, మారినది తల ఒరిగిన తీరు మాత్రమే. ఆ చిన్న తేడా హద్దు దాటదు. హద్దు తగ్గిస్తే నది అలల మెరుపు, వెనుక పోయే లారీ, అధ్యాపకుడి చేతి విసురు కూడా కట్లుగా లెక్కకు వస్తాయి. అత్యధికంగా కత్తిరించిన పాఠం అతి తక్కువ కట్లు ఉన్న పాఠంగా నమోదయ్యే విపరీతం ఇలా ఏర్పడుతుంది.

ఈ కారణంగా జంప్ కట్లను మనిషే లెక్కించాలి. వీడియోను ఆపి, యూట్యూబ్‌లో `.` మీటతో ఒక్కొక్క చట్రం ముందుకు, `,` మీటతో వెనుకకు జరపవచ్చు. ఒకే పాఠాన్ని ఇద్దరు విడివిడిగా లెక్కించి, తమ కాలసూచికలను సరిచూసుకోవాలి. తేడాలు ఎక్కువగా రెండు చోట్ల వస్తాయి. కట్‌ను కప్పిపుచ్చడానికి చిత్రాన్ని కొద్దిగా దగ్గరకు లాగిన చోట ఒకరు దానిని జంప్ కట్ అంటారు, మరొకరు కోణం మారిందంటారు. రెండవది, మాట తెగిన చోట తెరమీద కాలువ దృశ్యమో పటమో వేసినప్పుడు. కంటికి అక్కడ జంప్ లేదు, చెవికి మాత్రం కాలం తెగింది. వీటిని విడి వర్గాలుగా నమోదు చేయడం మంచిది. కంటికి కనిపించే కుదుపు, చెవికి తగ్గిన విరామం అన్నవి రెండు వేరు చర్యలు. ఏది వీక్షకుడిని ఆపింది, ఏది పంపింది అని తరువాత అడగాలంటే ఈ విభజన ఇప్పుడే జరగాలి.

7. మూడు కొలతలు, మూడు తీర్పులు

నమూనా పాఠానికి తిరిగి వస్తే, కత్తిరించని 600 సెకన్ల రూపాన్ని వీక్షకులు సగటున 240 సెకన్లు చూశారనుకోవాలి. అది 40 శాతం. కత్తిరించిన 480 సెకన్ల రూపాన్ని కూడా సరిగ్గా 240 సెకన్లే చూశారనుకుంటే అది 50 శాతమవుతుంది. శాతం చూసినవారు కూర్పు విజయవంతమైందంటారు. సెకన్లు చూసినవారు ఏ మార్పూ లేదంటారు.

ఇప్పుడు మరొక పరిస్థితిని ఊహించవచ్చు. నాలుగు పాయల వర్ణన విసుగనిపించి వీక్షకులు ఒకానొక వాక్యం వద్ద వెళ్లిపోతున్నారు. ఆ వాక్యం కత్తిరించని రూపంలో 240వ సెకను వద్ద, కత్తిరించిన రూపంలో 192వ సెకను వద్ద ఉంది. ఇప్పుడు శాతం రెండింటిలోనూ 40యే. సగటు వీక్షణకాలం మాత్రం 48 సెకన్లు తగ్గింది. కాలాన్ని మాత్రమే చూసేవారికి కూర్పు నష్టం చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి వీక్షకులు విన్న విషయంలో ఒక్క వాక్యం కూడా తగ్గలేదు.

మొదటి పరిస్థితిలో వీక్షకుడిని కదిలించేది గడియారం. అతడికి నాలుగు నిమిషాల తీరిక ఉంది, అంతవరకు చూశాడు. రెండవదానిలో కదిలించేది విషయం. ఈ రెండింటిలో ఏది జరుగుతోందో శాతంగాని, సెకన్లుగాని విడిగా చెప్పలేవు. అందువల్ల రెండు రూపాలను వాక్యం వద్ద వాక్యం పెట్టి పోల్చాలి. పాఠంలోని ప్రతి పదవ వాక్యం ఏ రూపంలో ఏ సెకను వద్ద వస్తుందో పట్టిక వేసుకుని, ఆ స్థానాల వద్ద ఎందరు మిగిలారో చూడాలి. మొదటి 30 సెకన్ల నిలకడను ప్రత్యేకంగా చూసే అలవాటుకు కూడా ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. విరామాలు సమానంగా పరచుకున్న ఈ పాఠంలో బిగించిన రూపపు 30వ సెకను అసలు రూపంలో 37.5వ సెకను. అక్కడ వినిపించే మాటలే వేరు.

నిలకడ గీతను చదవడంలో మరొక జాగ్రత్త కావాలి. వీక్షకులు వెనుకకు జరిపి మళ్లీ చూసిన చోట గీత పైకి లేస్తుంది. దానిని ఆసక్తికి గుర్తుగా చెప్పడం పరిపాటి. పాఠం విషయంలో అది, మాట మరీ బిగుసుకుపోవడం వల్ల మొదటిసారి అందలేదన్న గుర్తు కూడా కావచ్చు. ఆ శిఖరం అంకెలున్న వాక్యం మీద, కత్తిరించిన రూపంలో మాత్రమే కనిపిస్తే రెండవ అర్థమే సబబు.

8. ప్రయోగరచన

కత్తిరించిన పాఠాన్ని, కత్తిరించని పాఠాన్ని నేరుగా పోల్చితే నిడివి తేడా ఫలితాన్ని కలుషితం చేస్తుంది. దీనికి ఒక సులభమైన పరిహారం ఉంది. ‘అ’ రూపంలో 1, 3, 5 భాగాలను మాత్రమే బిగించాలి. ‘ఆ’ రూపంలో 2, 4, 6 భాగాలను మాత్రమే బిగించాలి. ప్రతి భాగంలో 20 సెకన్లు తగ్గుతాయి కనుక రెండు రూపాలూ 540 సెకన్లే ఉంటాయి. విద్యార్థులను చీటీలు తీసి రెండు జట్లుగా విభజించి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క లంకెను పంపాలి. ఎవరికి నచ్చిన రూపాన్ని వారు ఎంచుకోనిస్తే ప్రయోగం అక్కడితో ముగిసినట్టే.

ఒక్కొక్క విరామాన్ని కాక మొత్తం భాగాన్ని బిగించడానికి కారణం ఉంది. యూట్యూబ్ నిలకడ దత్తాంశం వీడియోను వంద సమభాగాలు చేసి ఇస్తుంది. 540 సెకన్ల పాఠంలో ఒక్కొక్కటి 5.4 సెకన్లు. ఒక సెకను విరామం తాలూకు ప్రభావాన్ని ఆ జల్లెడ పట్టుకోలేదు. బిగించిన భాగానికి సుమారు 15, బిగించని భాగానికి సుమారు 18 బిందువులు లభిస్తాయి. పోలికకు అవి సరిపోతాయి.

ఐదవ భాగాన్ని ఉదాహరణగా తీసుకుని, ఒక్కొక్క జట్టులో 60 మంది ఆ భాగం మొదటికి చేరారనుకోవాలి. బిగించని వంద సెకన్ల రూపంలో 45 మంది చివరివరకు ఉన్నారు, అంటే 75 శాతం. బిగించిన 80 సెకన్ల రూపంలో 48 మంది ఉన్నారు, అంటే 80 శాతం. ముగ్గురు ఎక్కువ. ఇది కూర్పు గెలుపేనా?

వంద సెకన్లలో నాలుగో వంతు వెళ్లిపోయే వేగంతోనే 80 సెకన్లపాటు వెళ్లిపోతే ఎంతమంది మిగలాలో లెక్కించవచ్చు. 0.75 ను 0.8 ఘాతానికి హెచ్చిస్తే సుమారు 0.794. అంటే 60 మందిలో దాదాపు 48 మంది. సరిగ్గా అంతమందే మిగిలారు. సెకనుకు వెళ్లిపోయేవారి నిష్పత్తి ఏమాత్రం మారలేదు. భాగం పొట్టిదైంది కనుక వెళ్లిపోవడానికి వ్యవధి తగ్గింది, అంతే. పాఠం పట్టు పెరిగిందనడానికి 79.4 శాతం కంటే స్పష్టంగా ఎక్కువమంది మిగలాలి. అంతకంటే తక్కువమంది మిగిలితే పొట్టితనపు లాభాన్ని కుదుపు మింగివేసిందని అర్థం. కూర్పు బిగింపు గురించిన ఏ వాదనకైనా ఈ అంచనా సంఖ్యే పోలికకు ఆధారం కావాలి, బిగించని రూపపు శాతం కాదు.

పొట్టితనపు లాభం లాభం కాదని దీని భావం కాదు. మరో ముగ్గురు విద్యార్థులు వరద హెచ్చరికల భాగాన్ని చివరివరకు విన్నారు. అయితే అదే లాభాన్ని అనవసర వాక్యాలను తొలగించి కూడా పొందవచ్చు. విరామాలను ముట్టుకోనక్కరలేదు.

9. పరిమితులు

అరవైమంది జట్లలో 75, 80 శాతాల తేడాను నమ్మలేము. అంత చిన్న జట్లలో ఈ తేడాకు ప్రమాణదోషం 7.6 శాతం వరకు ఉంటుంది. ఐదు శాతం తేడా యాదృచ్ఛికంగానే రావచ్చు. మామూలుగా వాడే 95 శాతం విశ్వాసస్థాయిలో, 80 శాతం గుర్తింపు శక్తితో ఈ తేడాను పట్టుకోవాలంటే ఒక్కొక్క జట్టులో సుమారు 1,090 మంది కావాలి. తేడా 75 నుంచి 95 శాతమైతే సుమారు 50 మంది చాలు. ఒక కళాశాల తరగతి పెద్ద ప్రభావాలను మాత్రమే చూడగలదు. చిన్నవాటికి ఒకే పద్ధతిలో కూర్చిన అనేక పాఠాల ఫలితాలను, అనేక కళాశాలల విద్యార్థులను కలపాలి.

మొదటి భాగం బిగింపు శ్రోత చెవిలో ఒక లయను నెలకొల్పుతుంది. ఆ తరువాత వచ్చే బిగించని భాగం మామూలుకంటే నెమ్మదిగా తోచవచ్చు. ఏకాంతరంగా బిగించే పద్ధతికి ఇది తప్పని లోపం. పద్యపఠనం ఉన్న పాఠానికి ఈ పద్ధతిని యథాతథంగా వాడరాదు. అక్కడి విరామాలు వాక్యాన్ని కాక పాదాన్ని, రాగాన్ని, చదివేవారి ఊపిరిని అనుసరిస్తాయి.

10. ధారణ పరీక్ష

వీక్షకుడు నిలిచాడని తేలినా, నేర్చాడని తేలదు. ఐదవ భాగం ఇందుకు తగిన పరీక్ష. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. మూడు అంకెలూ ఒకే విధంగా ముగుస్తాయి. శ్రోత గుర్తుంచుకోవలసినది వాటి మొదటి సగం. ఆ మొదటి సగం మీదనే తరువాతి అంకె వచ్చి పడితే మూడూ కలిసిపోతాయి. అధ్యాపకుడు ప్రతి అంకె తరువాత సహజంగా ఇచ్చిన సెకను విరామం ఈ కలగాపులగాన్ని నివారించడానికే ఉన్నదని ఒక పరికల్పన. దానిని పరీక్షించడం కష్టం కాదు. పాఠం చూసిన మరునాడు రెండు జట్లనూ మూడు హెచ్చరికల మట్టాలు రాయమని అడగాలి. అంకె లేని ఒక ప్రశ్నను, ఉదాహరణకు పాత ఆనకట్ట ఎవరి ఆధ్వర్యంలో సాగిందన్నదానిని, పక్కన చేర్చాలి. బిగించిన భాగం నుంచి వచ్చిన అంకెల ప్రశ్నలో మాత్రమే తప్పులు పెరిగితే, కోసినది ఖాళీ కాలం కాదని స్పష్టమవుతుంది.

గోదావరి తీరాన ఈ మూడు అంకెలు పరీక్షలో మార్కులకు మాత్రమే పరిమితం కావు. వరదరోజుల్లో లంకగ్రామాల ప్రజలు ఇల్లు విడవాలా వద్దా అన్నది వీటినిబట్టే ఆలోచిస్తారు.

11. ఉపసంహారం

నిమిషానికి జంప్ కట్లు, విరామాలు లెక్కించడం ఉపయోగకరమే. కాని ఆ నిమిషమే కూర్పుతో మారుతుంది కనుక వాక్యాన్ని కొలబద్దగా పక్కన పెట్టుకోవాలి. విరామాలను యంత్రం లెక్కించవచ్చు, ద్విత్వాలను, వాక్యాంతపు అచ్చులను మనిషి కాపాడాలి. జంప్ కట్లను మనిషే లెక్కించాలి. బిగింపు ఫలితాన్ని పొట్టితనపు అంచనాతో పోల్చాలి. చివరగా విద్యార్థి ఏమి గుర్తుంచుకున్నాడో అడగాలి. ఇవన్నీ చేసేవరకు అధ్యాపకులు పాటించదగిన నియమం ఒకటి ఉంది. మాట కోసం వెతుక్కున్న తడబాట్లను కోయవచ్చు, క్రియ తరువాతి విరామాన్ని, అంకె పక్కనున్న విరామాన్ని ఉంచాలి.